చీకట్లో పూర్తి 48 మెగాపిక్సెళ్లలో తీసి తర్వాత మనమే తగ్గించుకుంటే, ఫోన్ చేసే బిన్నింగ్‌తో సమానమేనా?

శశాంక్_కె

సెన్సర్ 48 మెగాపిక్సెల్, ఒక్కో పిక్సెల్ 0.8 మైక్రాన్. మామూలుగా తీస్తే 4000×3000 ఫొటో వస్తుంది, పూర్తి మోడ్ పెడితే 8000×6000. చీకట్లో మామూలు మోడే శుభ్రంగా ఉంటుంది, ఎందుకంటే పక్కపక్కనున్న నాలుగు పిక్సెళ్లను ఒకటిగా కలిపేస్తుంది. ఇంతవరకూ తెలుసు.

నా సందేహం ఏంటంటే, ఆ కలిపే పనేదో తర్వాత కంప్యూటర్లో నేనే చేసుకోవచ్చు కదా. 8000×6000లో తీసి సగానికి తగ్గిస్తే నాలుగేసి పిక్సెళ్ల సగటు వచ్చేస్తుంది. వివరం కావాల్సిన చోట పెద్ద ఫైల్ ఎలాగూ చేతిలో ఉంటుంది. అలాంటప్పుడు ఫోన్ ముందే కలిపేసి 12 మెగాపిక్సెళ్లు చేతిలో పెట్టడం వల్ల లాభమేంటి? ఇది నిజంగా భౌతికశాస్త్రమా, లేక ఫైల్ సైజు తగ్గించే ఏర్పాటా?

బుల్లోడు

బ్రో, సింపుల్. నాలుగు చిన్న పిక్సెళ్లు కలిస్తే 1.6 మైక్రాన్ల పెద్ద పిక్సెల్ అవుతుంది. పెద్ద పిక్సెల్‌కి నాలుగింతలు వెలుతురు పడుతుంది. పూర్తి మోడ్‌లో ఆ వెలుతురు నీకు రాదు. రాని వెలుతుర్ని కంప్యూటర్లో ఎక్కణ్ణుంచి తెస్తావ్?

నీలిమ

బుల్లోడు గారూ, సగం సరిగ్గా చెప్పారు, మిగతా సగం దగ్గరే అసలు ప్రశ్న ఉంది. సెన్సర్ వైశాల్యం మారలేదు, లెన్స్ అదే, షట్టర్ సమయం అదే. రెండు మోడ్‌లలోనూ సెన్సర్ మీద పడే వెలుతురు మొత్తం ఒక్కటే. పూర్తి మోడ్‌లో ఆ వెలుతురు ఎక్కడికీ పోదు, నాలుగు ముక్కలుగా పంచి రాస్తారంతే. కాబట్టి శశాంక్ గారి ఆలోచన మూలంలో తప్పేమీ లేదు.

తేడా పుట్టేది చదివే దగ్గర. ప్రతి పిక్సెల్‌లోనూ వెలుతురుకు ఎలక్ట్రాన్లు పోగవుతాయి, వాటిని వోల్టేజీగా మార్చి అంకెగా రాసేటప్పుడు ప్రతిసారీ కొంత పొరపాటు కలుస్తుంది. రీడ్ నాయిస్ అంటే అదే. గిద్దతో నాలుగుసార్లు కొలిస్తే నాలుగుసార్లూ కాస్త అటూ ఇటూ అవుతుంది, అదే సోలతో ఒక్కసారి కొలిస్తే ఆ తేడా ఒక్కసారే. బిన్నింగ్‌లో మంచి రకం ఈ రెండోది. నాలుగు ఫొటోడయోడ్లలోని ఎలక్ట్రాన్లను అవి ఉమ్మడిగా వాడుకునే ఫ్లోటింగ్ డిఫ్యూజన్ అనే చిన్న గుంటలోకి ఒక్కసారే వదిలి, ఒక్కసారే చదువుతారు. మీరు తర్వాత కంప్యూటర్లో కూడేటప్పటికి నాలుగు రీడ్ నాయిస్‌లు కలిసిపోయి ఉంటాయి.

అంకెలతో చూద్దాం. ఒక్కో చిన్న పిక్సెల్‌లో 10 ఎలక్ట్రాన్లు పడ్డాయనుకోండి, రీడ్ నాయిస్ 1.5 ఎలక్ట్రాన్లు. వెలుతురుకే సహజంగా ఉండే ఊగిసలాట ఎలక్ట్రాన్ల సంఖ్యకు వర్గమూలం. రెండు నాయిస్‌లనూ వర్గాలుగా కూడి మళ్లీ మూలం తీయాలి.

```
ఒక్క చిన్న పిక్సెల్ :  10 / √(10 + 2.25)   = 2.86
ముందే కలిపి చదివితే :  40 / √(40 + 2.25)   = 6.15
చదివాక కలిపితే     :  40 / √(40 + 4×2.25) = 5.71
```

కలపడం వల్ల 2.86 నుంచి ఆరు దరిదాపుల్లోకి వచ్చింది, లాభంలో సింహభాగం అదే. అది మీరు కంప్యూటర్లో చేసినా వస్తుంది. ముందే కలిపినందుకు అదనంగా దక్కింది సుమారు 8 శాతం.

శశాంక్_కె

అంటే నేను అనుకున్నదే కదా! 8 శాతం కోసం వివరం నాలుగో వంతుకు దించుకోవడం ఎందుకు? కళ్లకు ఆ తేడా కనిపిస్తుందా అసలు?

నీలిమ

10 ఎలక్ట్రాన్ల దగ్గర కనిపించదు. కాంతి బాగా ఉన్నప్పుడు అసలుండదు. ఒక్కో పిక్సెల్‌కి 1000 ఎలక్ట్రాన్లు పెట్టి అదే లెక్క వేయండి, 63.2 దగ్గర రెండూ కలిసిపోతాయి. ఇక కిందికి రండి. రాత్రి ఫొటోలో నీడ భాగంలో ఒక్కో చిన్న పిక్సెల్‌కి సగటున 1 ఎలక్ట్రాన్ మాత్రమే పడిందనుకుందాం. ముందే కలిపితే 4 / √6.25, అంటే 1.6. తర్వాత కలిపితే 4 / √13, అంటే 1.11. ఇక్కడ తేడా 44 శాతం. అందుకే రాత్రి ఫొటోల్లో ఈ తేడా దీపం పడ్డ గోడ మీద కాదు, ఆ గోడ నీడలోనో నల్లటి జుట్టులోనో కనిపిస్తుంది.

ఇంకో మాట. వివరం నాలుగో వంతుకు పడిపోతుందన్నారు. పిక్సెళ్ల సంఖ్య నాలుగో వంతు అవుతుంది, నిజమే. కానీ గీతలు విడివిడిగా కనిపించే సామర్థ్యం అడ్డంగా సగం, నిలువుగా సగం తగ్గుతుంది. పైగా అది గరిష్ఠ నష్టం. లెన్స్ అంచుల్లో ముందే మెత్తగా ఉంటే, అక్కడ పోయేది ఇంకా తక్కువ.

రమణమూర్తి

టెలిస్కోప్ కెమెరాలు వాడేవాళ్లం ఈ విషయం మీద చాలాసార్లు వాదించుకున్నాం. పాత సీసీడీల్లో బిన్నింగ్ అంటే నీలిమ గారు చెప్పినట్టే, ఛార్జీ అంతా ఒకచోట చేరాకే ఒక్క రీడింగ్. సీమాస్ వచ్చాక చాలా ఖగోళ కెమెరాల్లో 2×2 అని మెనూలో పెట్టినా లోపల జరిగేది చదివాక అంకెలు కూడటమే. అంటే శశాంక్ గారు ఇంట్లో చేసే పనే కెమెరా చేసి పెడుతుంది. ఫోన్లలోనూ అదే అయ్యుంటుందని నా అనుమానం. పేరొక్కటే, పని వేరు.

నీలిమ

మూర్తి గారూ, ఖగోళ కెమెరాల విషయంలో మీ మాట నిజం. ఫోన్ సెన్సర్లు ఒక చోట వేరు. మామూలు బేయర్ అమరికలో పక్కపక్క పిక్సెళ్ల రంగులు వేరు, కాబట్టి వాటి ఛార్జీ కలిపితే రంగులు కలగాపులగం అవుతాయి. ఈ ఫోన్ సెన్సర్లలో రంగు ఫిల్టర్‌ను మొదటి నుంచే 2×2 గడిగా వేస్తారు. నాలుగు ఆకుపచ్చలు ఒకచోట, నాలుగు ఎరుపులు ఒకచోట. 2018లో వచ్చిన సోనీ ఐఎంఎక్స్586 నుంచి ఈ క్వాడ్ బేయర్ అమరిక ఫోన్లలో మామూలైపోయింది. ఒకే రంగు పిక్సెళ్లు పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి ఛార్జీ స్థాయిలో కలిపే వీలు దక్కింది.

అయినా "ప్రతి ఫోన్ అలాగే చేస్తుంది" అనను. ఎన్ని ఫొటోడయోడ్లు ఒక ఫ్లోటింగ్ డిఫ్యూజన్‌ను పంచుకుంటున్నాయో దాన్ని బట్టి ఉంటుంది. నాలుగూ పంచుకుంటే నాలుగింటినీ ఛార్జీగా కలపొచ్చు. రెండే పంచుకుంటే రెండు ఛార్జీగా కలిసి, మిగతాది తర్వాత సగటుగానో అంకెలుగానో కలుస్తుంది. అప్పుడు లాభం నేను చెప్పిన రెండు అంకెల మధ్యలో ఎక్కడో ఉంటుంది. 16 పిక్సెళ్లను ఒకటి చేసే సెన్సర్లలో మొత్తం 16 ఒకేసారి ఒకే చోట చేరుతాయని అనుకోనక్కర్లేదు.

ఛార్జీ కలపడానికి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. నాలుగు పిక్సెళ్ల ఎలక్ట్రాన్లు ఒక చిన్న ఫ్లోటింగ్ డిఫ్యూజన్‌లో పట్టాలి. చీకట్లో పడేవే తక్కువ కాబట్టి సమస్య లేదు. పగటి వెలుతురులో అది నిండిపోతుంది. అందుకే చాలా సెన్సర్లలో కన్వర్షన్ గెయిన్, అంటే ఒక్కో ఎలక్ట్రాన్‌కు వచ్చే వోల్టేజీ, రెండు మెట్లుగా ఉంటుంది. చీకటికి ఎక్కువ గెయిన్, రీడ్ నాయిస్ తగ్గుతుంది. వెలుతురుకు తక్కువ గెయిన్, ఎక్కువ ఎలక్ట్రాన్లు పడతాయి.

సుజాత

క్షమించండి, మధ్యలో అడుగుతున్నాను. నా ఫోన్ 200 మెగాపిక్సెళ్లని పెట్టె మీద ఉంది. గ్యాలరీలో వివరాలు చూస్తే 4080×3060 అని చూపిస్తోంది, లెక్కేస్తే 12 మెగాపిక్సెళ్లే. సెన్సర్ పాడైనట్టా? మార్చమని అడగొచ్చా?

ఖాదర్

పాడవలేదండీ. మీ ఫోన్ 4×4, అంటే 16 పిక్సెళ్లను ఒకటి చేసి ఇస్తోంది. 4080ని నాలుగుతో, 3060ని నాలుగుతో గుణించండి, 16320×12240, సుమారు 200 మెగాపిక్సెళ్లు వస్తాయి. కెమెరా యాప్‌లో నిష్పత్తి మార్చే చోట 50, 200 అని విడిగా ఉంటాయి. పట్టపగలు, కదలని దృశ్యానికి 50 పెట్టి చూడండి, 200 చాలా అరుదుగా పనికొస్తుంది.

బుల్లోడు

16 కలిపితే 16 రెట్లు క్లీన్ అన్నమాట. 48 వాళ్లకి 4 రెట్లే.

నీలిమ

16 రెట్లు కాదు, వర్గమూలం. చిన్న పిక్సెల్‌తో పోలిస్తే సిగ్నల్ 16 రెట్లు, దాని ఊగిసలాట 4 రెట్లు, కాబట్టి నిష్పత్తి మెరుగయ్యేది 4 రెట్లు. అయినా రెండు ఫోన్లను పోల్చడానికి ఆ అంకె పనికిరాదు. 0.6 మైక్రాన్ల పిక్సెళ్లు 16 కలిస్తే 2.4 మైక్రాన్లు, 0.8వి నాలుగు కలిస్తే 1.6 మైక్రాన్లు. చివరికి రెండూ 12 మెగాపిక్సెళ్ల ఫొటోలే కాబట్టి పోల్చాల్సింది సెన్సర్ మొత్తం వైశాల్యాన్ని, లెన్స్ f సంఖ్యను. 1/1.3 అంగుళాల సెన్సర్ గెలిచేది ఎక్కువ కలిపినందుకు కాదు, 1/2 అంగుళాల దానికంటే పెద్దది కాబట్టి.

శశాంక్_కె

సరే, నీడల్లో తేడా ఉంటుందన్నది ఒప్పుకుంటున్నా. నా ఫోన్‌లో ఎంత తేడా ఉందో కొలవడం ఎలా? రెండు ఫొటోలు 100 శాతానికి పెంచి చూస్తే 48 మెగాపిక్సెళ్లది ఘోరంగా కనిపిస్తుంది, అది న్యాయమైన పోలిక కాదని తెలుసు.

ఖాదర్

న్యాయం కాదు, కరెక్ట్. రెండూ ఒకే కొలతకు తెచ్చాకే పోల్చాలి. ముందుగా ఫోన్ ఏం చెబుతోందో చూడండి:

```
adb shell dumpsys media.camera | grep -A1 -E "pixelArraySize|physicalSize|binningFactor"
```

`physicalSize` దగ్గర 6.4, 4.8 అని వచ్చి `pixelArraySize` దగ్గర 4000, 3000 అని వస్తే, 6.4 మిల్లీమీటర్లను 4000తో భాగించండి, 1.6 మైక్రాన్లు. అంటే మీకు చూపించేది కలిపిన పిక్సెల్. `pixelArraySizeMaximumResolution` అని ఇంకో వరుస కనిపించి అందులో 8000, 6000 ఉంటే బయటి యాప్‌లకు కూడా పూర్తి రిజల్యూషన్ దొరుకుతుంది. ఇది ఆండ్రాయిడ్ 12లో వచ్చింది. ఆ వరుసే లేకపోతే కంపెనీ యాప్‌లో తప్ప ఇంకెక్కడా దొరకదు, అప్పుడు రా ఫైల్ ఇస్తుందో లేదో కూడా అదృష్టమే.

తర్వాత ట్రైపాడ్. చదునైన బూడిద రంగు కాగితమో గోడో, సమంగా పడే మసక వెలుతురు. మినుకుమినుకుమనే దీపం వద్దు. మాన్యువల్‌లో ఐఎస్‌ఓ, షట్టర్, ఫోకస్ అన్నీ బిగించేయండి. ఫోకస్ కాస్త తప్పించి పెడితే ఇంకా మంచిది, గోడ మీద గరుకుదనం లెక్కలో కలవదు. ప్రతి మోడ్‌లోనూ వెంటవెంటనే రెండేసి రా ఫొటోలు తీయండి. రెండు ఎందుకంటే ఒకదాన్నుంచి ఇంకొకటి తీసేస్తే గోడ, లెన్స్ మసక అన్నీ కొట్టుకుపోయి నాయిస్ ఒక్కటే మిగులుతుంది.

```
import rawpy

def green(path):
    with rawpy.imread(path) as raw:
        img = raw.raw_image_visible.astype(float)
        return img[0::2, 1::2] - raw.black_level_per_channel[1]

def bin2(g):
    h, w = g.shape[0]//2*2, g.shape[1]//2*2
    return g[:h, :w].reshape(h//2, 2, w//2, 2).mean(axis=(1, 3))

def snr(a, b):
    p = (slice(700, 800), slice(900, 1000))
    return a[p].mean() / ((a[p] - b[p]).std() / 2**0.5)

print("12:", snr(green("b1.dng"), green("b2.dng")))
print("48:", snr(bin2(green("f1.dng")), bin2(green("f2.dng"))))
```

రంగుల వరుస `RGGB` లేదా `BGGR` అయితేనే `[0::2, 1::2]` ఆకుపచ్చ అవుతుంది. `raw.raw_pattern` చూసి సరిచేసుకోండి. ఒక మధ్యస్థ ఎక్స్‌పోజర్, తర్వాత దానికంటే ఐదారు స్టాప్‌లు తక్కువది, రెండూ తీయండి. మొదటి దాంట్లో రెండు అంకెలూ దగ్గరగా ఉండి, రెండో దాంట్లో విడిపోతే నీలిమ గారి లెక్క మీ ఫోన్‌కు వర్తించినట్టే.

శశాంక్_కె

తీశాను. విచిత్రంగా ఉంది. మధ్యస్థ వెలుతురులో 48దే 12 కంటే కొంచెం ఎక్కువ వచ్చింది. చీకట్లో కూడా దాదాపు సమానం. అంటే పూర్తి మోడే మెరుగు అన్నట్టా?

నీలిమ

ఆ అంకెను అప్పుడే నమ్మకండి. మీ 48 మెగాపిక్సెళ్ల రా ఫైల్ సెన్సర్ నుంచి నేరుగా వచ్చింది కాదు. సెన్సర్‌లో రంగులు 2×2 గడులుగా ఉన్నాయి, మీ ఫైల్‌లో మామూలు బేయర్ వరుస ఉంది. అలా ఉంటే మధ్యలో ఎవరో రంగుల స్థానాలు మార్చారు. దాన్నే రీమొజాయిక్ అంటారు. ఎరుపు ఉండాల్సిన చోట అసలు సెన్సర్‌లో ఆకుపచ్చ ఉంటే, చుట్టుపక్కల ఎరుపుల నుంచి అంచనా వేసి నింపుతారు. అంచనా అంటే సగటు, సగటు అంటే నాయిస్ మెత్తబడటం. కాబట్టి కొలతలో నాయిస్ తక్కువగా కనిపిస్తుంది, కానీ అది నిజంగా తగ్గలేదు, పక్క పిక్సెళ్ల మీదికి పరుచుకుంది.

కనిపెట్టడం తేలిక. `bin2` చేయకముందు ఒకసారి, చేశాక ఒకసారి నాయిస్ కొలవండి. పిక్సెళ్లు ఒకదానికొకటి సంబంధం లేనివైతే నాలుగింటి సగటుకు నాయిస్ సరిగ్గా సగం కావాలి. సగం కాకుండా 0.7 దగ్గర ఆగిపోతే అవి ముందే కలిసిపోయాయని అర్థం. అప్పుడు `bin2`ని మరో రెండుసార్లు వేసి, 12 మెగాపిక్సెళ్ల వైపు కూడా అన్నిసార్లే వేసి పోల్చండి. పెద్ద గడుల మీద సగటు తీసేసరికి ఆ పరుచుకున్న నాయిస్ కూడా లెక్కలోకి వస్తుంది. ఆ అదనపు `bin2`ల తర్వాత ఫొటో చిన్నదై `snr`లోని `p` స్థానాలు దాని బయట పడతాయి, కాబట్టి `snr`లోంచి `p` కోత తీసేసి, ముక్కను ఆ రెండు `bin2`లకు ముందే కత్తిరించుకోండి. ఆ ముక్కను 100×100 నుంచి పెంచి, కనీసం 400×400 తీసుకోండి, లేకపోతే చివరికి మిగిలే పిక్సెళ్లు చాలవు.

శశాంక్_కె

మీరన్నదే. మొదటి `bin2`కి నాయిస్ సగం కాలేదు, 0.7 కంటే కూడా పైనే ఆగింది. మూడుసార్లు వేశాక చీకటి ఫొటోల్లో 12 స్పష్టంగా ముందుంది, మధ్యస్థ వెలుతురులో రెండూ ఒకటే.

రమణమూర్తి

అయితే నా అనుమానం ఈ ఫోన్ వరకు తీరినట్టే. అయినా ఒక చిక్కు. చీకట్లో వచ్చిన తేడా మొత్తం ఛార్జీ కలపడం వల్లే అని ఎలా చెప్పగలం? పూర్తి మోడ్‌లో సెన్సర్ వేరే కన్వర్షన్ గెయిన్‌లో నడుస్తూ ఉంటే, రీడ్ నాయిస్ అసలే ఎక్కువ ఉండొచ్చు. అప్పుడు మనం కొలిచింది బిన్నింగ్ లాభం కాదు, గెయిన్ తేడా.

నీలిమ

మంచి ప్రశ్న. బయటి నుంచి పూర్తిగా విడదీయలేం. లెన్స్ మూసి, ఐఎస్‌ఓ మారుస్తూ చీకటి ఫ్రేములు తీస్తే, నాయిస్ ఏదో ఒక ఐఎస్‌ఓ దగ్గర ఉన్నట్టుండి మెట్టు దిగినట్టు పడుతుంది, గెయిన్ మారేది అక్కడే. ఆ మెట్టు 12లో ఒకచోట, 48లో ఇంకోచోట ఉంటే మీ అనుమానానికి బలం. కానీ రీమొజాయిక్ చేసిన ఫైల్‌లో ఆ మెట్టు కూడా మసకబారే అవకాశముంది.

విహారి

ఇంత గొడవ ఎందుకండీ. 0.8 మైక్రాన్ల పిక్సెల్‌ని ఏ ఫోన్ లెన్సూ విడదీయలేదు. f/1.8 దగ్గర ఆకుపచ్చ కాంతి చుక్కే 2.4 మైక్రాన్ల వెడల్పుంటుంది, మూడు పిక్సెళ్ల మీద పరుచుకుంటుంది. 48 మెగాపిక్సెళ్లనేది పెట్టె మీద రాసుకోవడానికే. మొదటి నుంచీ 1.6 మైక్రాన్ల పిక్సెళ్లతో 12 మెగాపిక్సెళ్ల సెన్సర్ చేస్తే ఇంకా శుభ్రంగా ఉండేది. నాలుగు చిన్నవాటి మధ్య గోడలు, తీగలు ఉంటాయి, అవి వెలుతురు తినేస్తాయి.

నీలిమ

చుక్క లెక్క సరే, కానీ అది చుక్క మొత్తం వెడల్పు. వెలుతురు ఎక్కువ భాగం మధ్యలోనే ఉంటుంది కాబట్టి 1.6 మైక్రాన్లకు దొరకని వివరం కొంత 0.8కి దొరుకుతుంది. పట్టపగలు ఫొటో మధ్యలో చిన్న అక్షరాలున్న బోర్డు తీసి చూస్తే తెలుస్తుంది. నాలుగింతలు కాదు, ఏదో కొంత. అంచుల్లో మీరన్నట్టు దాదాపు సున్నా.

గోడల మాటకొస్తే, ఫోన్ సెన్సర్లలో తీగలు వెనుకవైపు ఉంటాయి, వెలుతురు దారిలో ఉండవు. పిక్సెళ్ల మధ్య కందకాలు మాత్రం నిజం. వాటి వల్ల ఎంత పోతుందో సెన్సర్‌ను బట్టి మారుతుంది, అందుకే అసలు పెద్ద పిక్సెల్ గెలుస్తుందా అన్నదానికి ఒక్క మాటలో జవాబు చెప్పను. చిన్న పిక్సెళ్లకు ఇంకో అవసరం కూడా ఉంది. నాలుగింటిలో రెండింటికి ఎక్కువ సేపు, రెండింటికి తక్కువ సేపు వెలుతురు పట్టించి ఒకే ఫ్రేములో హెచ్‌డీఆర్ తీయొచ్చు. పెద్ద పిక్సెల్‌తో ఆ పని కుదరదు.

విహారి

హెచ్‌డీఆర్ వాడినప్పుడు ఆ బిన్నింగ్ లాభమూ తగ్గుతుంది కదా, రెండేసి పిక్సెళ్లే కలుస్తాయి. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకోవడం. నేను ఒప్పుకోను, సరే, వదిలేద్దాం.

ఖాదర్

శశాంక్ గారూ, రా ఫైళ్లతో కొలిచారు బాగుంది. రోజూ తీసే జేపెగ్ విషయంలో తేడా ఇంకా పెద్దది, కారణం వేరే. రాత్రి మోడ్ ఒక్క ఫ్రేమ్ తీయదు, వరుసగా కొన్ని తీసి ఒకదాని మీద ఒకటి సర్ది సగటు చేస్తుంది. 12 మెగాపిక్సెళ్ల పది బిట్ల రా ఫ్రేము 15 మెగాబైట్లు. 48ది 60. ఎనిమిది ఫ్రేములంటే ఒకవైపు 120, ఇంకోవైపు 480. చదవడానికి పట్టే సమయమూ ఎక్కువే, ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య చెయ్యి ఎక్కువ కదులుతుంది. అందుకని చాలా ఫోన్లు పూర్తి మోడ్‌లో తక్కువ ఫ్రేములతోనో ఒక్కదానితోనో సరిపెట్టుకుంటాయి. ఎనిమిది ఫ్రేముల సగటుకు నాయిస్ 2.8 రెట్లు తగ్గుతుంది. నీలిమ గారి 44 శాతం దీని ముందు చిన్నది. ఐఫోన్ 14 ప్రోలో 48 మెగాపిక్సెళ్ల ప్రోరా పెట్టినా నైట్ మోడ్ పడగానే 12కి దిగిపోతుంది.

ఇంకో మోసం చూసుకోండి. కొన్ని ఫోన్లు చీకట్లో పూర్తి మోడ్ పెట్టినా లోపల కలిపే తీసి, ఆ 12నే 48కి సాగదీసి ఇస్తాయి. పట్టుకోవాలంటే ఆ 8000×6000 ఫొటోను 50 శాతానికి తగ్గించి, మళ్లీ 200 శాతానికి పెంచి, అసలుదాని మీద పెట్టి తేడా చూడండి. సన్నని అక్షరాల అంచుల్లో కూడా ఏమీ మిగలకపోతే ఆ ఫైల్‌లో ఉన్నది 12 మెగాపిక్సెళ్ల వివరమే. ఇదే పరీక్ష ముందు పగటి ఫొటో మీద చేసి, తేడా ఎలా ఉండాలో కంటికి అలవాటు చేసుకోండి.

సుజాత

ఇదంతా చదివాక ఇంకో సందేహం. నా ఫోన్‌లో 2x నొక్కితే పగలు భలే ఉంటుంది, రాత్రి అదే 2x మెత్తగా, రంగులు వెలిసినట్టు వస్తుంది. దీనికీ బిన్నింగ్‌కీ సంబంధం ఉందా?

బుల్లోడు

అది టెలీ లెన్స్ చిన్నది కావడం వల్ల అక్కా. చిన్న లెన్స్, తక్కువ వెలుతురు.

ఖాదర్

బుల్లోడు చెప్పింది విడిగా టెలీ లెన్స్ ఉండే 3x, 5xలకు వర్తిస్తుంది. చాలా ఫోన్లలో 2x అనేది ప్రధాన సెన్సర్ మధ్యభాగమే. పగలు మధ్యలోని పిక్సెళ్లను కలపకుండానో తక్కువ కలిపో చదివి రీమొజాయిక్ చేసి ఇస్తుంది, అందుకే నిజమైన వివరం కనిపిస్తుంది. చీకటి పడ్డాక అలా చేస్తే నాయిస్ భరించలేం కాబట్టి మొత్తం కలిపేసి, వచ్చిన 12 మెగాపిక్సెళ్లలో మధ్య ముక్కను సాగదీస్తుంది. స్క్రీన్ మీద మాత్రం అప్పుడూ ఇప్పుడూ 2x అనే రాసి ఉంటుంది.

ఏ వెలుతురు దగ్గర మారుతుందో ఫోన్‌ను బట్టి వేరు. సన్నని అక్షరాలున్న కాగితాన్ని గోడకు అంటించి, ఫోన్ స్టాండు మీద పెట్టి, 2xలో తీస్తూ దీపం మెల్లగా తగ్గించుకుంటూ రండి. ఒకచోట అక్షరాలు క్రమంగా కాక, ఉన్నట్టుండి మెత్తబడతాయి. ఆ ఫొటో వివరాల్లో ఐఎస్‌ఓ ఎంతుందో రాసుకోండి. అంతకంటే ఎక్కువ ఐఎస్‌ఓ చూపిస్తున్నప్పుడు 2x నొక్కినా 1xలో తీసి కత్తిరించుకున్నా ఒకటే. వీలైతే ఒక అడుగు ముందుకు జరగడమే మేలు.

శశాంక్_కె

ఇదే లెక్కన 8కె వీడియో కూడా రాత్రి అందుకే అంత చెడుగా ఉంటుందా? 7680×4320 అంటే 33 మెగాపిక్సెళ్లు, కలిపితే 12కి పడిపోతుంది, కాబట్టి కలపడానికి వీల్లేదు.

నీలిమ

అవును, 48 మెగాపిక్సెళ్ల సెన్సర్‌లో అయితే అంతే. 200 మెగాపిక్సెళ్ల దాంట్లో నాలుగేసి కలిపినా 50 మిగులుతాయి కాబట్టి 8కెకి సరిపోతాయి, కొంత ఊరట. 4కెకి 3840 వెడల్పు చాలు, మీ 4000లోనే పట్టేస్తుంది. కాకపోతే స్టెబిలైజేషన్ అంచులు కత్తిరించుకుంటుంది కాబట్టి ఆ 160 పిక్సెళ్ల మిగులు దానికి చాలదు, కొన్ని ఫోన్లు కత్తిరించి మళ్లీ కాస్త సాగదీస్తాయి. మీ ఫోన్ ఏం చేస్తుందో స్టెబిలైజేషన్ పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి అదే అక్షరాల కాగితం తీస్తే తెలుస్తుంది.